30 డిగ్రీల గదిలో ధ్వని వేగం 330 ఎందుకు రాకూడదు?

ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో అనునాద గొట్టం ప్రయోగం చేసినవాళ్లకు ఒక సంఖ్య బాగా గుర్తుంటుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు 330 మీటర్లు. లెక్క కట్టాక ఆ చుట్టుపక్కల వస్తే ప్రయోగం బాగా వచ్చిందనుకుంటారు, 350 వస్తే ఎక్కడో పొరపాటు జరిగిందని మళ్లీ మొదటినుంచి కొలుస్తారు. మన ఊళ్లలో మాత్రం ఇది తలకిందులు. గది ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు 349 దరిదాపుల్లో వస్తేనే సరైన ఫలితం. 330 వచ్చిందంటే ఏదో ఒకటి వదిలేశారన్నమాట. ఆ వదిలేసినది ఏమిటో, అది సరిగ్గా 330కే ఎందుకు తీసుకెళుతుందో చూస్తే గొట్టంలో గాలి ఎలా మోగుతుందో, ఉష్ణోగ్రతకు ధ్వనికి ఉన్న సంబంధమేమిటో రెండూ ఒకేసారి తెలుస్తాయి.

పరికరం చిన్నదే. మీటరు పొడవున్న గాజు గొట్టం నిలువుగా బిగించి ఉంటుంది. దాని అడుగు నుంచి ఒక రబ్బరు పైపు నీళ్ల పాత్రకు వెళుతుంది. పాత్రను పైకీ కిందికీ జరిపితే గొట్టంలో నీటిమట్టం మారుతుంది. నీటికి పైన, గొట్టం మూతికి కింద ఉన్న గాలి స్తంభమే మనకు కావలసింది. దాని పై చివర తెరిచి ఉంటుంది, కింది చివరను నీరు మూసేస్తుంది. 512 హెర్ట్‌జ్ శ్రుతిదండాన్ని రబ్బరు ముక్క మీద కొట్టి, దాని భుజాలు ఒకదాని కింద ఒకటి ఉండేలా అడ్డంగా పట్టుకుని, గొట్టం మూతికి కాస్త పైన ఉంచుతాం. నీటిమట్టాన్ని మెల్లగా దించుతూ పోతే, అప్పటిదాకా సన్నగా వినిపిస్తున్న స్వరం ఒకచోట ఒక్కసారిగా నిండుగా మోగుతుంది. కొన్ని మిల్లీమీటర్లు దాటగానే మళ్లీ పడిపోతుంది. అది మొదటి అనునాదం. ఇంకా చాలా కిందికి వెళ్లాక మరోసారి అలాగే మోగుతుంది. అది రెండోది.

గొట్టం లోపలి వ్యాసం 3 సెంటీమీటర్లు, గది 30 డిగ్రీలు అనుకుందాం. మొదటి అనునాదం 16.1 సెంటీమీటర్ల దగ్గర, రెండోది 50.2 సెంటీమీటర్ల దగ్గర వచ్చిందని ఉదాహరణకు తీసుకుందాం. అలాంటి గొట్టంలో వచ్చే కొలతలు ఇలాగే ఉంటాయి.

మొదటి అనునాదం ఆ పొడవు దగ్గరే ఎందుకు వస్తుంది? స్థిర తరంగం బొమ్మ గీసి, నీటి దగ్గర అస్పందన స్థానం, మూతి దగ్గర ప్రస్పందన స్థానం, మధ్యలో తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు అని చెప్పేయడం మామూలు పద్ధతి. బొమ్మ సరైనదే, కానీ అది కారణం చెప్పదు. కారణం కావాలంటే ఒక్క సంపీడనాన్ని వెంబడించి చూడాలి.

శ్రుతిదండం కింది భుజం కిందికి కదిలినప్పుడు మూతి దగ్గరి గాలిని నొక్కుతుంది. ఆ సంపీడనం గొట్టంలోకి దిగి నీటిని తాకుతుంది. నీరు కదలదు కాబట్టి నొక్కుడు నొక్కుడుగానే వెనక్కి తిరుగుతుంది. అది పైకి వచ్చి మూతిని చేరినప్పుడు ఏమవుతుందన్నదే అసలు విషయం. బయట గోడ లేదు, విశాలమైన గాలి ఉంది. లోపల నొక్కుకుని ఉన్న గాలి ఒక్కసారిగా బయటికి పొంగుతుంది. ఆ ఊపులో ఉండవలసిన దానికన్నా కాస్త ఎక్కువగానే బయటికి పోతుంది. దాంతో మూతి లోపల పీడనం తగ్గి, ఒక విరళీకరణం పుట్టి, తిరిగి లోపలికి బయలుదేరుతుంది. అంటే తెరిచిన చివర కూడా ధ్వనిని వెనక్కి తిప్పి పంపుతుంది. కాకపోతే సంపీడనాన్ని విరళీకరణంగా, విరళీకరణాన్ని సంపీడనంగా మార్చి పంపుతుంది. మూసిన చివర అలా మార్చదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే గొట్టాల గురించిన సూత్రాలన్నీ ఎవరికి వారే రాబట్టుకోవచ్చు.

సరిగ్గా ఆ విరళీకరణం బయలుదేరే క్షణానికే శ్రుతిదండం భుజం పైకి కదలడం మొదలుపెడితే, అది పుట్టించే విరళీకరణం దీనికి తోడవుతుంది. ప్రతి విడతలోనూ ఇలా ఒకదానికొకటి తోడవుతూ పోతే స్వరం నిండుగా మోగుతుంది. భుజం కిందికి కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచి పైకి కదలడం మొదలుపెట్టే క్షణానికి పట్టేది కంపన కాలంలో సగం. కాబట్టి ధ్వని గొట్టంలో కిందికి వెళ్లి పైకి రావడానికి సరిగ్గా సగం కంపన కాలం పట్టాలి. 512 హెర్ట్‌జ్ దగ్గర ఆ సగం ఒక మిల్లీసెకను కంటే కాస్త తక్కువ, 0.977 మిల్లీసెకన్లు. సెకనుకు 349 మీటర్ల వేగంతో ఆ వ్యవధిలో ధ్వని పోయే దూరం 34.1 సెంటీమీటర్లు. పోను సగం, రాను సగం కాబట్టి గాలి స్తంభం పొడవు 17 సెంటీమీటర్లు. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు అన్నది ఇక్కడి నుంచి వచ్చింది.

రాకపోకలకు ఒకటిన్నర కంపన కాలం పట్టినా ఇదే జరుగుతుంది, రెండున్నర పట్టినా జరుగుతుంది. ఎందుకంటే అప్పుడు కూడా భుజం పైకి లేవబోతూనే ఉంటుంది. అదే పూర్తిగా ఒక కాలం పడితే, వెనక్కి వెళ్లే విరళీకరణానికి ఎదురుగా భుజం సంపీడనం పుట్టిస్తుంది, రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే మూసిన గొట్టంలో అనునాద పొడవులు 1, 3, 5 రెట్ల చొప్పున, బేసి సంఖ్యల్లోనే పెరుగుతాయి.

లెక్క ప్రకారం నీరు 17 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి, కొలతలో మాత్రం 16.1 వచ్చింది. మిగతా 9 మిల్లీమీటర్లు ఎక్కడున్నాయి? గొట్టం బయట. మూతి దగ్గర పొంగే గాలి గాజు అంచు దగ్గరే ఆగిపోదు. అంచుకు పైనున్న కొద్దిపాటి గాలి కూడా లోపలి గాలితో కలిసి పైకీ కిందికీ ఊగుతుంది. అందువల్ల ధ్వని వెనక్కి తిరిగే చోటు అంచుకు కొంచెం పైన ఉంటుంది. గొట్టం మూతి చుట్టూ పలక లాంటిదేమీ లేకపోతే ఈ అదనపు పొడవు లోపలి వ్యాసార్ధానికి సుమారు 0.6 రెట్లు, అంటే వ్యాసానికి 0.3 రెట్లు. 3 సెంటీమీటర్ల గొట్టానికి 0.9 సెంటీమీటర్లు. దీన్నే అంత్య సవరణ అంటారు.

ఇది తెలియక మొదటి అనునాదాన్నే తీసుకుని నాలుగుతో గుణిస్తే ఏం వస్తుందో చూడండి.

v = 4 × 512 × 0.161 = 329.7 మీ/సె

ఈ ప్రయోగంలో ఉన్న ఉచ్చు ఇదే. గాలి 30 డిగ్రీల దగ్గర ఉండటం వల్ల వేగం 331 నుంచి 349కి పెరిగింది. అంత్య సవరణ వదిలేయడం వల్ల అది దాదాపు అంతే తగ్గింది. రెండూ కలిసి, గుర్తున్న పాఠ్యపుస్తకం సంఖ్య దగ్గరికి చక్కగా తెచ్చి నిలబెట్టాయి. ఆ 330 సున్నా డిగ్రీల గాలికి చెందిన సంఖ్య. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగిలో పాదరసం సున్నాకు దిగితే అక్కడ అది సరైన జవాబు అవుతుంది. 30 డిగ్రీల గదిలో కాదు.

విడిపించుకునే దారి కూడా ఆ ప్రయోగంలోనే ఉంది. బయట ఊగే గాలి రెండు అనునాదాల్లోనూ ఒకటే. కాబట్టి రెండో పొడవులోంచి మొదటిది తీసేస్తే అది దానంతటదే పోతుంది. మిగిలేది తరంగదైర్ఘ్యంలో కచ్చితంగా సగం.

v = 2 × 512 × (0.502 − 0.161) = 349.2 మీ/సె

ఈ రెండు కొలతల నుంచే అంత్య సవరణ కూడా తేలుతుంది. రెండో పొడవులోంచి మొదటి పొడవుకు మూడు రెట్లు తీసేసి సగం చేస్తే (50.2 − 48.3) / 2 = 0.95 సెంటీమీటర్లు. గొట్టం వ్యాసానికి 0.3 రెట్లు ఎంతో చూసుకుంటే 0.9. రెండూ దగ్గరగా ఉన్నాయి కాబట్టి కొలతలను నమ్మవచ్చు. ఫలితం పుస్తకంతో కలిసిందా లేదా అన్నదానికంటే ఈ పరీక్ష ఎంతో గట్టిది. రెండో పొడవు మొదటిదానికి సరిగ్గా మూడు రెట్లు వచ్చినా, అంతకంటే తక్కువ వచ్చినా ఆ రీడింగులు పనికిరావు. బయట ఊగే గాలి పొడవు సున్నా గానీ రుణాత్మకం గానీ కాలేదు. మూడు రెట్లకు చక్కగా సరిపోయిన రీడింగులు చూసి ముచ్చటపడేవాళ్లున్నారు, కానీ అనుమానించవలసింది వాటినే.

ఇక 349 అన్న సంఖ్య దగ్గరికి వద్దాం. గాలిలో ధ్వని ఎంత వేగంగా పోవాలో సిద్ధాంతం నుంచి మొదట లెక్క కట్టినవాడు న్యూటన్. గాలి పీడనాన్ని సాంద్రతతో భాగించి వర్గమూలం తీస్తే వేగం వస్తుందన్నాడు. అలా ఆయనకు సెకనుకు 979 అడుగులు వచ్చింది. కొలిచినవాళ్లు చెప్పింది 1142 అడుగులు. ఆరో వంతు తేడా. 1713 నాటి ప్రిన్సిపియా రెండో కూర్పులో ఆయన ఈ తేడాను పూడ్చాడు. గాలిలోని ఘన కణాల గుండా ధ్వని ఏమాత్రం సమయం తీసుకోకుండా దాటిపోతుందని కొంత, గాలిలోని ఆవిరి ధ్వనిని మోయడంలో పాలుపంచుకోదని మరికొంత కలిపి, సరిగ్గా 1142కి తెచ్చాడు. తెలిసిన జవాబుకు లెక్కను సరిపెట్టడం అంతటివాడికీ తప్పలేదు.

అసలు కారణాన్ని 1816లో లాప్లాస్ ప్రకటించాడు. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్లకు ఇది చేతికి తెలిసిన విషయమే. వేడెక్కిన గాలి ఇంకా గట్టిగా ఎదురు తోస్తుంది, అందుకే ధ్వని ఇంకా వేగంగా పోతుంది. నొక్కుడులో పుట్టిన వేడి వెంటనే పక్కకు జారిపోయి ఉష్ణోగ్రత మారకుండా ఉంటుందన్నట్టుగా న్యూటన్ లెక్క సాగింది. అలా జరిగే అవకాశమే లేదు. మన 512 హెర్ట్‌జ్ ధ్వనిలో ఒక సంపీడనానికి, దాని పక్కనున్న విరళీకరణానికి మధ్య 34 సెంటీమీటర్లు ఉంటాయి. వేడి ఆ దూరం దాటడానికి ఉన్న వ్యవధి ఒక మిల్లీసెకను. అంత తక్కువ వ్యవధిలో గాలిలో వేడి మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే పాకగలదు. కంపనాలు వేగంగా ఉండటం వల్లే వేడికి సమయం చాలదని చాలా చోట్ల రాస్తారు. మందకొడి కంపనాలకైనా అంతే, నిజానికి ఇంకా గట్టిగా అంతే. కంపన కాలం పెరిగినకొద్దీ వేడి దాటవలసిన దూరం కూడా పెరుగుతూ పోతుంది, వేడి పాకడం ఆ లెక్కన పెరగదు.

ఈ సవరణతో, పీడనాన్ని సాంద్రతతో భాగించే ముందు గాలికి 1.4 అనే గుణకం చేరింది. ఆదర్శ వాయు సమీకరణం వాడి రాస్తే సూత్రం ఇలా ఉంటుంది.

v = √(γRT/M)

ఇందులో γ ఆ 1.4, R వాయు స్థిరాంకం, M వాయువు మోలార్ ద్రవ్యరాశి, T కెల్విన్లలో ఉష్ణోగ్రత. పీడనం ఇందులో లేనే లేదని గమనించండి. పీడనం రెట్టింపయితే, ఉష్ణోగ్రత మారనంతవరకు సాంద్రత కూడా రెట్టింపవుతుంది, రెండూ కొట్టేసుకుపోతాయి. కొండ మీద ధ్వని నెమ్మదించేది గాలి పలచబడినందుకు కాదు, చల్లబడినందుకు. దీని వెనకున్న సంగతి సులువైనదే. ధ్వనిని ఒకచోటి నుంచి మరోచోటికి మోసేది అణువుల పరుగే. 30 డిగ్రీల గాలిలో అణువుల సగటు వేగం సెకనుకు 470 మీటర్ల దాకా ఉంటుంది. ధ్వని దానిలో ముప్పాతిక వేగంతో పోతుంది. అణువుల పరుగును నిర్ణయించేది ఉష్ణోగ్రత కాబట్టి ధ్వని వేగాన్ని నిర్ణయించేది కూడా అదే.

సున్నా నుంచి 30 డిగ్రీలకు వెళ్లడమంటే 273 నుంచి 303 కెల్విన్లకు వెళ్లడం, అంటే 11 శాతం పెరుగుదల. వర్గమూలం తీస్తే వేగం అందులో దాదాపు సగం, 5.3 శాతం పెరుగుతుంది. 331.3 కాస్తా 349 అవుతుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో డిగ్రీకి 0.6 మీటర్లు కలుపుకుంటూ పోయినా ఇంచుమించు ఇదే వస్తుంది. రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలకు చేరిన మధ్యాహ్నం అక్కడ ధ్వని వేగం దాదాపు 358.

గొట్టాలతో పని లేకుండా ఆరుబయట దీన్ని కొలిచిన చరిత్ర మనకు దగ్గర్లోనే ఉంది. 1820-21లో మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన జాన్ గోల్డింగ్‌హామ్, సెయింట్ జార్జ్ కోటలోనూ సెయింట్ థామస్ మౌంట్‌లోనూ రోజూ పేల్చే ఫిరంగులను ఇందుకు వాడుకున్నాడు. మెరుపు కనిపించిన క్షణానికీ శబ్దం వినిపించిన క్షణానికీ మధ్య వ్యవధిని నెలల తరబడి నమోదు చేశాడు. పక్కనే ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వీచే దిక్కు కూడా రాసుకున్నాడు. చలి నెలల్లో వేగం తక్కువగా, వేడి నెలల్లో ఎక్కువగా ఆయన పట్టికల్లో కనిపిస్తుంది. వేగం అని ఒక్క సంఖ్య రాసి వదిలేయకుండా ఏ గాలిలో కొలిచాడో కూడా రాయడం ఆ పట్టికల గొప్పతనం. ప్రాక్టికల్ రికార్డులో గది ఉష్ణోగ్రత గడి ఖాళీగా ఉంటే మిగతా లెక్క దిద్దకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ గొట్టం నుంచి ఎంత కచ్చితత్వం ఆశించవచ్చు? స్వరం ఏ మిల్లీమీటరు దగ్గర గరిష్ఠంగా మోగిందో చెవితో తేల్చడం కష్టం. నీటిని దించుతూ ఒకసారి, ఎక్కిస్తూ ఒకసారి చూసి సగటు తీసుకున్నా ఒక్కో పొడవులో రెండు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. రెండు పొడవుల మధ్య తేడాలో అది మూడు మిల్లీమీటర్ల దాకా అవుతుంది. దాన్ని 1024తో గుణిస్తే వేగంలో 3 మీటర్లు. కాబట్టి 349.2 అని రాసినా అది 346కూ 352కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని అర్థం చేసుకోవాలి. నీటికి పైన ఉండటం వల్ల గొట్టంలో గాలి తేమతో నిండి ఉంటుంది. నీటి అణువు గాలి అణువుల కంటే తేలిక కాబట్టి 30 డిగ్రీల దగ్గర అది వేగాన్ని ఓ రెండు మీటర్లు పెంచుతుంది. సన్నని గొట్టం గోడలు పక్కనున్న గాలిని పట్టి ఉంచి, దాని వేడిని పీల్చుకుని వేగాన్ని కాస్త తగ్గిస్తాయి. ఈ రెండింటినీ ఈ పరికరం విడదీసి చూపలేదు. 330కీ 349కీ మధ్య తేడాను మాత్రం నిస్సందేహంగా చూపగలదు. బకెట్లోంచి అప్పుడే పోసిన చల్లటి నీళ్లయితే గొట్టంలో గాలి గదికంటే చల్లగా ఉండవచ్చు. అందుకే థర్మామీటరును గోడకు కాకుండా గొట్టంలోకి వేలాడదీసి చూడటం మంచిది.

రెండు చివరలూ తెరిచి ఉన్న గొట్టానికి కొత్త సూత్రం వెతకనక్కర్లేదు. ఒక రాకపోకలో సంపీడనం రెండుసార్లు తిరగబడుతుంది. అంటే మళ్లీ సంపీడనంగానే బయలుదేరిన చోటికి వస్తుంది. ఈసారి దానికి తోడు దొరకాలంటే రాకపోకలకు పూర్తి కంపన కాలం పట్టాలి. కాబట్టి గొట్టం పొడవు తరంగదైర్ఘ్యంలో సగం. రెండు కాలాలు పట్టినా, మూడు పట్టినా సరిపోతుంది కాబట్టి ఇందులో అన్ని హరాత్మకాలూ మోగుతాయి. వేణువు ఇలాంటిదే. ఊదే రంధ్రం ఒక తెరిచిన చివర, వేలు ఎత్తిన రంధ్రం రెండోది. అదే వేళ్ల అమరికతో గట్టిగా ఊదితే పౌనఃపున్యం రెట్టింపై, అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. రెండో చివర మూసిన గొట్టాన్ని అలాగే గట్టిగా ఊదితే రెట్టింపు దొరకదు, మూడు రెట్లు దొరుకుతుంది. మామూలుగా ఊదినప్పుడు వచ్చేది షడ్జం అనుకుంటే గట్టిగా ఊదినప్పుడు పై స్థాయి పంచమం పలుకుతుంది. కళ్లు మూసుకుని వింటూనే గొట్టం తెరిచి ఉందో మూసి ఉందో దీన్నిబట్టి చెప్పేయవచ్చు. సీసా మూతి మీద ఊదితే వచ్చే స్వరాన్ని మాత్రం ఈ లెక్కలోకి తేకూడదు. సన్నని మెడ, లావు పొట్ట ఉన్న సీసాలో మెడలోని గాలి ముద్దగా ఊగుతుంది, పొట్టలోని గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. అక్కడ పొడవు కంటే ఘనపరిమాణానిదే పెత్తనం.

ఇంట్లో చూడాలంటే అర మీటరు పీవీసీ పైపు, ఫోన్లో శ్రుతి చూపే యాప్ ఉంటే చాలు. ఊదడం కంటే చివర మీద అరచేత్తో తట్టడం మేలు, ఎందుకంటే ఊదేటప్పుడు పెదవి మూతిని కొంత మూసేస్తుంది, ఊపిరి లోపలి గాలిని వేడిచేస్తుంది. లోపలి వ్యాసం రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే, తట్టి వెంటనే చెయ్యి తీసేసినప్పుడు రెండు చివరలూ తెరిచి ఉన్నట్టు. అంత్య సవరణ రెండు వైపులా కలిపి పొడవు 51.5 సెంటీమీటర్లవుతుంది, 30 డిగ్రీల దగ్గర 339 హెర్ట్‌జ్ వినిపిస్తుంది. తట్టిన చెయ్యి తీయకుండా అలాగే ఉంచితే ఒక చివర మూసినట్టు. అప్పుడు అందులో సరిగ్గా సగం, 169.5 రావాలని అనిపిస్తుంది కానీ 172 వస్తుంది. చెయ్యి అడ్డుపెట్టిన వైపు బయట ఊగే గాలి లేదు కాబట్టి గొట్టం ఆ మేరకు పొట్టిదయింది. అదే పైపును ఏసీ గదిలో ఉంచి లోపలి గాలి 20 డిగ్రీలకు చేరాక తడితే, 339 ఉన్న చోట 333 కనిపిస్తుంది.